మెట్ల పక్క మూల

కమాలుద్దీన్ భాయ్ గురించి చెప్పాలంటే ముందు ఆయన చెవుల గురించి చెప్పాలి. బహదూర్‌పురా వెనక గల్లీలో ఉన్న మా ఈత కొలనులో ఇరవై రెండేళ్లుగా మోటారు చూసేది ఆయనే. మోటారు చప్పుడు పిసరంత మారితే చాలు, తాగుతున్న చాయ్ పక్కన పెట్టేస్తాడు. "ఫిల్టర్ నిండింది" అంటాడు. వెళ్లి చూస్తే ఒత్తిడి మీటరు ముల్లు నిజంగానే పైకెక్కి ఉంటుంది. అప్పుడు ఫిల్టర్‌లోకి నీళ్లను ఎదురు తోసి, దాని లోపలి ఇసుకలో చిక్కిన మురికినంతా కాలువలోకి వదిలేస్తాడు.

నేను యశోదను. టికెట్లు చించేదీ, ఆడపిల్లల బ్యాచ్‌ను కనిపెట్టుకుని ఉండేదీ నేనే. నా నోరు పెద్దదని మా గల్లీలో కుక్కలకు కూడా తెలుసు. ఆ నోటితోనే ఒక పసిదాని ప్రాణం మీదికి తెచ్చాను.

మా కొలనులో నాలుగున్నర లక్షల లీటర్ల నీళ్లు. మోటారు గంటకు డెబ్బై ఐదు వేల లీటర్లు లాగుతుంది. అంటే ఆరు గంటలకు ఒక చుట్టు. ఆరు గంటలు నడిపి ఆపేస్తే సరిపోదా, కరెంటు దండగ కదా అని ఒకసారి వాదానికి దిగితే ఆయన నవ్వాడు.

"గట్ల కాదు యశోదమ్మా. సాఫ్ అయిన నీళ్లు వచ్చి మైల నీళ్లల్లనే కలుస్తయి గదా. మళ్ల అవే ఫిల్టర్‌కు పోతుంటయి. మొదటి చుట్టుకు మూడొంతుల్ల రెండొంతులే సాఫ్ అయితయి. నాలుగు చుట్లు తిరిగితెనే నీళ్లన్నీ అయినట్టు. రోజంత నడవాలె."

"అబ్బో, పెద్ద ఇంజనీరు!" అన్నాను.

శుభ్రమైన నీళ్లు కొలనులోకి వచ్చేందుకు గోడల్లో ఎనిమిది రంధ్రాలున్నాయి. వాటిలో రెండు, చిన్నపిల్లలు దిగే మెట్ల పక్క మూలలో ఉన్నాయి. వేసవి బ్యాచ్ మొదలవగానే తల్లులు నా మీద పడ్డారు. ఆ ధారలు పిల్లల్ని నెట్టేస్తున్నాయట, పిల్లలు జడుసుకుంటున్నారట. నేను తిన్నగా పంపు గదికెళ్లి లొల్లి పెట్టుకున్నాను.

"ఆ రెండు మూస్తవా, నేనే వచ్చి గుడ్డలు కుక్కాల్నా?"

"మూస్తె గా మూల నీళ్లు ఆగిపోతయమ్మా."

"మిగిలిన ఆరు లేవా? నీ ఆరు గంటల లెక్క ఏమన్న మారుతదా?"

ఆయన గొణుక్కుంటూ మూశాడు. నీళ్ల వేగం చూపే మీటరు చూశాడు. నీళ్లు దాదాపు అంతే వేగంతో పోతున్నాయి. లెక్క మారలేదు. ఇద్దరం నిశ్చింతగా ఉన్నాం. మా ఇద్దరి బుద్ధీ అక్కడే గడ్డి తిన్నది.

మా దగ్గర ఇంకో అలవాటుంది. ఆడవాళ్ల బ్యాచ్ నడుస్తున్నంతసేపూ కమాలుద్దీన్ భాయ్ పంపు గది పరదా దాటి బయటికి రాడు. క్లోరిన్ మందు సరిపోయిందో లేదో చూసే నీళ్లను పరదా సందులోంచి చెయ్యి చాపి, గుమ్మం పక్కనే ముంచుకుంటాడు. ఏళ్ల తరబడి అంతే. ఆ గుమ్మం పక్కనే ఒక ధార పడుతుంది. అక్కడి నీళ్లు ఎప్పుడూ బంగారమే. గాజు గొట్టంలో పరీక్ష చుక్కలు వేయగానే మందు ఉన్నట్టు పసుపు రంగు తేలేది, పుస్తకంలో టిక్కు పడేది.

మూడు వారాల్లో మెట్లు జారడం మొదలుపెట్టాయి. బ్రష్షు పెట్టి రుద్దాను, రెండు రోజులకు మళ్లీ జిగట. పిల్లల కళ్లు ఎర్రబడ్డాయి. ఊడిన తల రబ్బర్లు ఆ మూల అడుగున పడితే పడ్డచోటే ఉండేవి. నీళ్లు బియ్యం కడిగినట్టు మసకబారాయి. ఎండాకాలం, రద్దీ అనుకున్నాను. ఆయనతో ఒక్క మాట చెబితే నా సొమ్మేం పోయేది?

ఆ ఆదివారం మధ్యాహ్నం నలభై మంది ఆడపిల్లలు. వాళ్లలో ఆరేళ్ల ఉమ్మే హానీ కూడా ఉంది. కమాలుద్దీన్ భాయ్ కూతురి కూతురు. బ్యాచ్ అయిపోగానే పిల్లలు జతలుగా, చేతులు పట్టుకుని మెట్లెక్కాలన్నది నా నియమం. ఈల ఊదాను. అందరూ ఒక్కసారిగా మెట్ల మీదికి ఎగబడ్డారు.

హానీ జత ఆఫ్షీన్ ఒక్కతే పైకి వచ్చింది. ఖాళీ చెయ్యి నాకు చూపించింది.

"ఆంటీ, హానీ జారింది. చెయ్యి ఇడిసిపెట్టింది."

ఒడ్డున వంగి చూశాను. అడుగు కనబడలేదు. మూడడుగుల లోతు, అడుగు కనబడలేదు! ఈత నేర్పే గీతాంజలి లోతు వైపు నుంచి ఈదుకుంటూ వస్తోంది. నేను గావుకేక పెట్టాను.

పరదా వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది. "ఏమైంది?"

"భాయ్, మీ హానీ కనిపిస్తలేదు! అడుగు కనిపిస్తలేదు!"



"యాడ పడ్డది?"

"మెట్ల మీద!"

"యాడికి పోదు. గా మూల నీళ్లు నడుస్తలేవు, పడ్డది ఆడనే ఉంటది. మెట్ల పక్క గోడకు కాలు పెట్టి తడుము, జల్దీ!"

చీరతోనే దూకాను. కాళ్ల కింద జిగట. తడిమాను, గోడ. తడిమాను, మెట్టు. ఏ దేవుణ్ణి పిలిచానో తెలియదు. మెట్టుకూ గోడకూ మధ్య ఏదో మెత్తగా నా పాదానికి తగిలింది. మునిగి పట్టుకుని పైకి లేపాను. పెదవులు నీలంగా ఉన్నాయి. గీతాంజలి లాక్కుని గట్టు మీద పడుకోబెట్టి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది.

పరదా వణుకుతోంది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నాడు. ఇవతల తడి బట్టల్లో ఆడవాళ్లున్నారు, ఆ మనిషి అప్పుడు కూడా దాటలేదు.

"ఏడిసిందా? యశోదమ్మా, బిడ్డ ఏడిసిందా చెప్పు!"

నాకు నోరు పెగల్లేదు. ఇంత నోరున్న నాకు.

అప్పుడు చిన్న దగ్గు వినిపించింది. నాకంటే ముందు ఆయనకే వినిపించినట్టుంది. పరదా అవతల ధబ్బున కూలబడిన చప్పుడైంది.

హానీ రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. కొలను మూసేశాం. మంగళవారం పొద్దున ఆయన మిఠాయి కొట్టు నుంచి జిలేబీ రంగు పొట్లం తెచ్చి నీళ్లలో కలిపాడు. నడుస్తున్న ధార ముందు పోస్తే అది చెదిరిపోయి కాసేపటికి కనబడకుండా పోయింది. మెట్ల మూలలో పోశాడు. అక్కడే నిలబడిపోయింది. చాయ్ తాగి వచ్చాం, ఇంకా అక్కడే ఉంది. ఆ మూల నీళ్లు గొట్టంలోకి తీసి చుక్కలు వేస్తే పసుపు రాలేదు, ఉత్త నీళ్లలాగే ఉన్నాయి.

"ఆరు గంటల లెక్క కరెక్టే" అన్నాడు ఆయన. "గీ మూలకే లెక్క అందలే. నా బిడ్డను గీడనే దించిన."

"నేనే మూయించిన భాయ్."

"మూసిన చెయ్యి నాది."

రెండు రంధ్రాలూ తెరిచాడు. ధారలను కాస్త కిందికి, గోడ వెంట పోయేలా తిప్పాడు. జిలేబీ రంగు కదిలింది, సాగింది, కొలను మధ్యకు పోయి కలిసిపోయింది. మేమిద్దరం చిన్నపిల్లల్లా చూస్తూ కూర్చున్నాం. మందు వేసి, నాలుగు చుట్లు తిప్పి, అడుగున పలకల గీతలు లెక్కపెట్టగలిగాకే తాళం తీశాం. ఇప్పుడు ఆ మూల నీళ్లు సీసాలో ముంచి పరదా సందులోంచి ఆయనకిచ్చేది నేనే.

మొన్న ఒక కొత్త తల్లి వచ్చింది. "అమ్మా, మెట్ల కాడ నీళ్లు మా పాపను నెడుతున్నయి. జర బంద్ చేయిస్తవా?"

మామూలుగానైతే ఒక మాట తగిలించేదాన్ని. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

"నెట్టనియ్యమ్మా" అన్నాను. "నీ కాళ్లు మొక్కుత, నెట్టనియ్యి."