ఒకటేనా, రెండా?

ఆన్‌లైన్లో బట్టలమ్మే మా చోడవరం గోడౌనులో రిపోర్టులు చూసే ఆ అమ్మాయి ఏది చేతికొచ్చినా కలలో ఉన్నట్టు "ఇది ఒకటేనా?" అనేది. చెరకు పానకం వాసన తేలుతున్న ఒక మధ్యాహ్నం, వాపసొచ్చిన నైటీని పట్టుకుని అలాగే అంది. దానికి రెండు స్కాన్లున్నాయి: కొన్నవాళ్లింటి దగ్గర వెనక్కి తీసుకున్నప్పుడొకటి, మా గుమ్మంలో ఒకటి. తను తయారుచేసిన ఆటోమేటిక్ రిపోర్టు ఆర్డర్లను కాక స్కాన్లను లెక్కపెడుతోంది. గుమ్మంలో స్కాను పెట్టిన నాటినుంచీ, నెలల తరబడి, ప్రతి వాపసూ రెండయింది. వాపసులు ఎక్కువని ఆ లెక్క చూసి, చీడికాడలో నైటీలు కుట్టే ఆవిడకి పని ఆపేశాం.

"ఎవులికీ తెలీదు. సరిసేసి ఊరుకో," అన్నాను.

తను ఆర్డరు నంబరుకి ఒక్కసారే లెక్కపడేలా మార్చి, పాత నెలల రిపోర్టులన్నీ మళ్లీ తీసి అందరికీ పంపింది. తరవాత చీడికాడ ఆటో ఎక్కింది. నేనూ ఎక్కాను.

ఆవిడింట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. "నా కుట్టే బాగోలేదనుకున్నానమ్మా," అందావిడ.

"బాగుందండి. నేనే ఒకటిని రెండుగా సూసేను," అంది అమ్మాయి.

ఆవిడ మెల్లగా దుప్పటి తీసింది.