తెరవని తలుపు

అమెరికాలోని బర్బాంక్‌లో తీస్తున్న ఓ సీరియల్‌కు రోవీనా ప్రూయిట్ షోరన్నర్. పది ఎపిసోడ్లకూ, రాత నుంచి ఎడిటింగ్ దాకా, ఆఖరి మాట ఆమెదే. ఓ మధ్యాహ్నం సెట్లో గొడవంటే వెళ్లింది.

నాలుగో ఎపిసోడ్‌కు మాత్రమే వచ్చిన దర్శకుడు గిడియన్, "కథలో ఆ అమ్మాయి ఇప్పుడే వాళ్ల నాన్న గది తలుపు తెరిస్తే సీను అదిరిపోద్ది!" అన్నాడు.

"మేం అలా రాయలేదయ్యా," అన్నాడు రచయితల బృందాన్ని నడిపే డెస్మండ్.

"ఏదో ఒకటి తేల్చండి, ఆరింటికి అందర్నీ పంపెయ్యాలి," అంది ఖర్చూ షెడ్యూలూ చూసే నిర్మాత హాలిస్.

రోవీనా నవ్వింది. "షాటూ నటనా నీ ఇష్టం గిడియన్. తలుపు మాత్రం తొమ్మిదో ఎపిసోడ్‌లో తెరుచుకోవాలి. ఇప్పుడే తెరిచేస్తే అప్పుడు నేనేం చూపించను?"

"పోనీ, చెయ్యి గడియ దాకా వెళ్లి ఆగిపోతే?" అన్నాడు గిడియన్.

"అబ్బ, అదీ! డెస్మండ్, మార్చెయ్."

ఆ టేకును నలుగురూ మానిటర్ దగ్గర చేరి చూశారు. రోవీనాకు కడుపు నిండినట్టయింది.