ఇరవై ఎనిమిది ఎం.ఎం. కడ్డీ బరువు

ఆ రోజుల్లో నేను జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సైటు గుమాస్తాను. డ్రాయింగు చూసి, కట్టడానికి ఏ ఇనప కడ్డీ ఎన్ని మీటర్లు కావాలో, ఎంత బరువవుతుందో లెక్క తీసేవాణ్ణి. డిప్లొమా లేదు. లెక్కంతా పాత డ్రాయింగుల మీద సొంతంగా నేర్చుకున్నదే. పని ముగిసినప్పుడల్లా ఉద్యోగమూ ముగిసేది. ఏదైనా పెద్ద కంపెనీ ఎస్టిమేషన్ గదిలో స్థిరమైన కుర్చీ దొరకాలన్నది నా ఆశ. నలభై మూడేళ్ల వయసులో, నా పేరు తెలిసిన ఇంజనీరు ఒక్కడూ లేడు.

నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉపాయం చెప్పాడు. "కుర్రోళ్లకి ఊరికే పాఠం సెప్పు గురూ. ఆళ్లెల్లి ఆళ్ల ఇంజనీర్ల దగ్గిర నీ పేరెత్తుతారు. డబ్బు తీసుకున్నావనుకో, ఒక్కడూ ఎత్తడు."

బర్మామైన్స్‌లో మా తెలుగువాళ్ల సంఘానికి ఒక గది ఉండేది. ఎనిమిది ఆదివారాలు, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా అడిగి తీసుకున్నాను. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లు, ఐటీఐ ముగించినవాళ్లు మొదటివారం పంతొమ్మిదిమంది వచ్చారు. కడ్డీ వ్యాసాన్ని వ్యాసంతోనే హెచ్చించి నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని చెప్పి, ఎనిమిది నుంచి ముప్ఫై రెండు ఎం.ఎం. దాకా బరువుల పట్టిక పంచాను. స్టెన్సిల్ నేనే రాసి, నలభై కాపీలు సైక్లోస్టైల్ తీయించాను. అడుగున నా పేరు, నేనుండే గది చిరునామా. "మీ ఇంజనీరుగారికి కూడా ఒకటి ఇవ్వండి" అని ఒక్కొక్కరికీ రెండేసి ఇచ్చాను.

రెండోవారం బోర్డు మీద లెక్క వేస్తుంటే ఇరవై ఎనిమిది దగ్గర చెయ్యి ఆగింది. నాలుగు పాయింటు ఎనభై నాలుగు రావాలి. కాగితంలో నాలుగు పాయింటు నలభై ఎనిమిది అని ఉంది. అంకెలు తారుమారు చేశాను.

"మాస్టారికీ తప్పులొత్తాయేటి!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజు వచ్చిన పధ్నాలుగుమందీ దిద్దుకున్నారు. మిగతా కాగితాలు అప్పటికే ఊరి మీద పడ్డాయి.

పదకొండు కాగానే వాళ్లు సినిమా టికెట్లకని సైకిళ్లెక్కేవారు. బోర్డు తుడిచి, బెంచీలు సర్ది, తాళం ఇచ్చి నేను నా గదికి వెళ్లేవాణ్ణి. ఎవరైనా ఇంజనీరు కబురు పెడతాడేమోనని ఆదివారం సాయంత్రాలు బయటికి వెళ్లడం మానేశాను. ఎనిమిది వారాలు ముగిశాయి. ఎవరూ రాలేదు.

తర్వాతి ఏడు ఒక పెద్ద కంపెనీలో ఎస్టిమేటరు కావాలని తెలిసి, మాంగో వంతెన అవతల ఉన్న సైటు ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు మనవాడే. ఆయన టేబులు అద్దం కింద టైపు చేసిన కాగితం ఉంది. నా పట్టికే. కింద పేరు మాత్రం లేదు.

"ఇది నేను తయారుచేసిందండీ" అన్నాను.

ఆయన తలెత్తకుండానే నవ్వాడు. "ఈ ఏడు మీరు మూడోవారు. ఇద్దరు కుర్రాళ్లు ఇదే మాట చెప్పి పన్లో చేరారు."

నాదని నిరూపించడానికి నా దగ్గర ఒకే సాక్ష్యం ఉంది. అద్దం మీద వేలు పెట్టాను. "ఇరవై ఎనిమిది దగ్గర తప్పు చూడండి. స్టెన్సిల్ మీద ఆ తప్పు చేసింది నేనే."

ఆయన పెన్సిలు తీసి భాగించాడు. మళ్లీ భాగించాడు. "వెయ్యి మీటర్లకి మూడు వందల అరవై కిలోలు తక్కువ ఇండెంటు పెట్టి తెప్పిస్తున్నామన్నమాట." పెన్సిలు కింద పెట్టాడు. "కడ్డీలు తక్కువ పడుతుంటే మా స్టోర్‌కీపరు అమ్ముకుంటున్నాడనుకున్నామండీ. మీరే వెళ్లి అతనికి చెప్పండి."

ఉద్యోగం సంగతి మాత్రం చూద్దామన్నాడు. తర్వాత కబురేమీ రాలేదు.

స్టోరు రేకుల షెడ్డు. స్టోర్‌కీపరు నా వయసువాడే, ఒంటరిగా కూర్చుని టిఫిను తింటున్నాడు. చెప్పింది చివరిదాకా విని డబ్బా మూత పెట్టేశాడు.

"ఎనిమిది నెల్లు మాస్టారూ. నాతో టీ తాగడం మానేసేరు అందరూ."

క్షమించమన్నాను. అతను లేచాడు. గోడకు అంటించిన అదే పట్టికలో అంకె కొట్టేసి సరైనది రాశాడు. పెన్ను మూయకుండానే అడిగాడు.

"మీ పేరేటి?"

చెప్పాను. పట్టిక అడుగున, నేను మొదట రాసుకున్న చోటే, ఒక్కో అక్షరం కుదురుగా రాశాడు.

"తప్పెవులదో తెలియాల గదా" అన్నాడు.