పనిలో ఉన్నవాళ్ల ఊపిరి

పెద్ద డాక్టరు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఒక్క పేజీ చాలమ్మా, పామరులకు అర్థమయ్యేట్టు రాయి" అన్నప్పుడు నాకు కోపం రాలేదు. తర్వాత వచ్చింది. వచ్చిన కోపం ఇంకా పోలేదు.

అనంతపురంలో ఒక ఆసుపత్రికి పరిశోధన విభాగం ఉంది. డాక్టర్లు ఇంగ్లీషులో రాసుకున్న పరిశోధన సారాంశాన్ని మామూలు తెలుగులోకి తేవడం అక్కడ నా ఉద్యోగం. తేవడమంటే మాటకు మాట పెట్టడం కాదు. ఎందుకు చేశారు, ఎవరిని చూశారు, ఏం కనిపించింది, దాన్నిబట్టి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అనేవి ఆ శాస్త్రం తెలియని మనిషికి అందాలి. రెండు విషయాలు కలిసి కనిపించాయంటే ఒకదానివల్ల మరొకటి వచ్చిందని రాసేయకూడదు. భయపెట్టకూడదు, బుజ్జగించనూ కూడదు. వినడానికి తేలిక పనే, చేసేవాళ్లకే తెలుస్తాయి ఆ తిప్పలు.

ఈసారి వచ్చిన సారాంశం తాడిపత్రి వైపు బండల పాలిష్ కార్మికుల ఊపిరితిత్తుల మీద. గొట్టంలో గట్టిగా ఊదించి ఊపిరి ఎంత ఉందో కొలిచారు. ఎక్కువమందికి మామూలుగానే ఉంది. నీళ్లు పోయకుండా, దుమ్ములో బండల అంచులు రుద్దేవాళ్లలో మాత్రం నీళ్లు పోసి కోసేవాళ్లకంటే తక్కువగా ఉంది. మా వైపు ఎండాకాలంలో ట్యాంకరు రాకపోతే ఆ నీళ్లూ ఉండవు, బండ మాత్రం ఆగదు. నేను రాసే పేజీని యూనిట్ల గేట్ల దగ్గర అంటించాలనీ, కార్మికులకు చదివి వినిపించాలనీ అనుకున్నారు.

పేజీ ఖాయం చేసేముందు మాకొక పద్ధతి ఉంది. బయటి మనిషికి చదివి వినిపిస్తాం. "అర్థమైందా?" అని మాత్రం అడగం. అలా అడిగితే మన జనం మొహమాటానికి తలూపేస్తారు. "ఇప్పుడు ఇదే విషయం మీ ఇంట్లోవాళ్లకు మీరెలా చెప్తారు?" అని అడుగుతాం. వాళ్లు తిరిగి చెప్పిందాంట్లో ఏది వంకరపోయిందో అది మా రాతలోని వంకర.

నేను వెళ్లింది పాలిష్ యూనిట్ల వెనక కాలనీలో ఉండే ఒకామె దగ్గరికి. ఆమె భర్త చాలా ఏళ్లు అంచులు రుద్దిన మనిషి. దగ్గు ముదిరి, నాలుగడుగులు వేస్తే ఆయాసమొచ్చి, పని మానేశాడు. ఆ రోజు వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదట. ఆమె తమ్ముడు అదే యూనిట్లో, బావ వదిలేసిన మెషిను మీద చేరాలనుకుంటున్నాడు. ఆమె వద్దంటోంది. అక్కాతమ్ముళ్ల మధ్య అప్పటికి అదే రోజూ గొడవ.

నేను చదివాను. ఆమె చాటలో కొర్రలు ఏరుతూ వింది. తిరిగి చెప్పమన్నాను.

"శానామందికి ఊపిరి బాగానే ఉండాదంట. అంటే ఆ పనిలో అంత భయమేమీ లేదు. మావాడు చెప్పిందే నిజం, నేనే ఊరికే అడ్డం పడతాండా" అంది. చాట పక్కన పెట్టి, "ఏమక్కా, మరి మాయన చేత గొట్టం ఊదించలేదే?" అంది.

నేను సంచిలోంచి ఇంగ్లీషు సారాంశం తీశాను. అందులో 'ప్రస్తుతం పనిలో ఉన్న కార్మికులు' అని ఉంది. ఉన్నదే ఆ ఒక్క ముక్క. దగ్గుతో మంచం పట్టినవాళ్లు, ఇంటికి పోయినవాళ్లు, కాటికి పోయినవాళ్లు ఎవరూ గొట్టం ముందుకు రాలేదు. పనిచేసే సత్తువ మిగిలినవాళ్లనే కొలిచి, ఎక్కువమందికి బాగుందన్నారు. బాగుండదా మరి! బాగులేనివాళ్లు గేటు బయటే ఉండిపోయారు కదా.

"ఆయన్ని చూడలేదమ్మా. పని మానేసినవాళ్లనెవరినీ చూడలేదు. ఈ కాగితం చూసి మీవాణ్ణి పంపొద్దు" అన్నాను.

"అట్లయితే ఆ మాట దాంట్లో రాయక్కా. నా మాట వాడు వినడు. ఆస్పత్రోళ్ల కాయితమైతే వింటాడు" అంది.

అక్కడే కూర్చుని రాశాను. "పరీక్ష జరిగినప్పుడు పనిలో ఉన్నవాళ్లనే చూశాం. జబ్బుచేసి పని మానేసినవాళ్లు ఇందులో లేరు. కాబట్టి ఈ పనివల్ల హాని తక్కువని ఈ పరిశోధననుబట్టి చెప్పలేం." మళ్లీ చదివాను. ఈసారి ఆమె భర్తవైపు తిరిగి చెప్పింది: "నీలాంటోళ్లను ఇడిసిపెట్టి చూసినారంట. ఆ కాయితం నమ్మి చేరొద్దని." ఆయన తలూపాడు. అంత సూటిగా నా రాత ఎవరికైనా అందడం అరుదు. బస్సులో తిరిగి వస్తుంటే ఈ ఉద్యోగం మంచిదే అనిపించింది.

డాక్టరు మంచివాడని అందరూ అంటారు. నేనూ అనేదాన్ని. ఆయన నా పేజీ చదివి ఆ మూడు వాక్యాల దగ్గర పెన్ను ఆపాడు.

"ఇది సారాంశంలో లేదు కదమ్మా."

"పూర్తి వ్యాసం చివర మీరే రాశారు సార్, పరిమితుల కింద."

"రాసినాను. ఆడ చదివేవాళ్లు వేరే, వాళ్లకు తెలుస్తుంది. ఈడ ఇట్ల రాస్తే యజమానులు రెండో విడత పరీక్షలకు గేటు తీస్తారా? వాళ్లు రానిస్తేనే కదా మనం లోపలికి పోయినాం."

"తెలిసినవాళ్లకు చెప్పి, తెలియనివాళ్లకు దాస్తే నేనెందుకు సార్?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నిదానంగా ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, పైన ఒకటి రాశాడు: 'ఈ పరిశోధనకు కొన్ని పరిమితులు ఉన్నాయి.' అబద్ధం కాదు. ఆ మాట ఏ పరిశోధనకైనా సరిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. మార్చిన పేజీని మళ్లీ బయటివాళ్లకు వినిపించాలని నేనన్నాను. టైము లేదన్నారు. పై అధికారికి రాసి పంపాను. డాక్టరు నిర్ణయమే ఖాయమని జవాబు వచ్చింది. గేట్ల మీద అంటించిన పేజీలో 'ఎక్కువమంది కార్మికుల ఊపిరి మామూలుగానే ఉంది' అన్న వాక్యం అన్నిటికంటే పైన లావు అక్షరాల్లో ఉంది. అంత చక్కని తెలుగు వాక్యం నాదే. దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

రెండో విడత మొదలయ్యాక మళ్లీ ఆ కాలనీకి వెళ్లాను. ఆమె నన్ను చూసి కూర్చోమంది గానీ, పనిలోంచి తలెత్తలేదు.

"మావాడు చేరినాడక్కా. ఆ గేటు కాయితం వాళ్ల బావకే చదివి ఇనిపించినాడు. నువ్వు చెప్పిన మాట దాంట్లో యాడుందని అడిగినాడు. నాకు సదువు రాదు, యాడని చూపించేది? నోటితో ఒకటి చెప్పి, కాయితంలో ఇంకోటి రాస్తారా మీరు?"

డాక్టరు కొట్టేశాడని చెప్పాను. అది నా చెవులకే సాకులా వినిపించింది. వసారాలో గోడ దగ్గర ఆయన లేడు. ఎక్కడని అడగబోయి, ఆమె బోసిమెడ చూసి ఊరుకున్నాను.

ఆమే మళ్లీ మాట కలిపింది. "నిన్న మీవాళ్లొచ్చి మావాని చేత గొట్టం ఊదించినారు. కొత్తోడు కదా, అందరికంటే బాగా ఊదినాడంట. రాసుకుని పోయినారు."