నా పెండ్లాం మీద నేనే పెట్టిన కంప్లయింట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అన్నది, మేస్త్రీలు అన్నారు, షార్జాలో నాతోపాటు ఒకే గదిలో పడుకునే షట్టరింగ్ పనివాళ్లంతా అన్నారు. నేనెప్పుడూ ఒప్పుకోలేదు. అబద్ధమాడుతున్నార్రా అని వాళ్ల మీదే లేచేవాణ్ణి. కట్టుకున్నదాని మీద పరాయి దేశంలో కంప్లయింట్ రాసి సంతకం పెట్టిన నాటి నుంచి మాత్రం నోరు మూసుకుని ఒప్పుకుంటున్నాను.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. మాకు గుంట భూమి లేదు. పెండ్లయిన కొత్తలో నేనూ నా భార్యా ఏటా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మూటలు కట్టుకుని, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి పోయేవాళ్లం. అడ్వాన్సు చేతిలో పడిందంటే ఆ ఏడు మన కాళ్లు మనవి కావు. నేను షార్జా వచ్చాక కూడా ఆమె రెండేళ్లు మేస్త్రీ వెంట పోయింది. మూడో ఏడు ఫోన్‌లో తెగేసి చెప్పింది.

"ఇగ నేను మేస్త్రీ ఎంబడి పోను. మనూరి పంతులు సారు నాలుగెకరాలు కౌలుకిస్తనంటుండు. బోరు గూడ ఉంది. పత్తి పెడ్త, కంది పెడ్త. నువ్వు పైసలు పంపు, సాలు."

మా దిక్కు కౌలు మాటలు ఉగాదికల్లా తేలిపోవాలి. ఆ పంతులు సారు రిటైరై హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఉగాది ముందురోజు ఊరికొస్తాననీ, పైసలు చేతిలో పెడితే అప్పటికప్పుడే కాగితం రాస్తాననీ అన్నాడు. లేకపోతే బల్మూర్ ఊరాయనెవరో ఆ కౌలుకు తయారుగా ఉన్నాడట. ఇంకోపక్క మేస్త్రీ అడ్వాన్సు జేబులో పెట్టుకుని మా గల్లీలోనే తిరుగుతున్నాడు. భూమి తప్పిపోతే ఆమె మళ్లీ మూట కట్టాల్సిందే.

అన్ని పైసలు ఎక్కడివంటారా? మూడేళ్లకు నాకు ఇంటికి పోయే సెలవు వచ్చింది. పోకపోతే సెలవు జీతమూ విమానం టికెట్ పైసలూ చేతికిస్తామని కంపెనీ వాళ్లన్నారు. పోనని సంతకం పెట్టాను. పైసలు తీసుకుని నేరుగా ఊరికి డబ్బు పంపే ఎక్స్‌చేంజ్ కౌంటర్‌కు పోయి, ఆమె బ్యాంకు ఖాతాకు మొత్తం పంపేశాను. ఉగాదికి ఇంకా పది రోజులున్నాయి. ఒకటి రెండు రోజుల్లో పడతాయని చెప్పి కౌంటర్ మీది మలయాళీ పిల్లగాడు రసీదు ఇచ్చాడు.

మూడో రోజు సాయంత్రం ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోనంటే పంచాయతీ మైకు లాంటిది. స్పీకర్ పెట్టి అరుగు మీద పెడతారు. అమ్మ, వదిన, పక్కింటివాళ్లు, అందరికంటే ముందు మా చిన్నాయన, చుట్టూ కూర్చుంటారు. మెసేజ్ పెట్టినా అంతే, చదువొచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపిస్తారు.

"ఏమే, పైసలు పడ్డయా?" అన్నాను.

"యాడియి? రాలే," అన్నది.

మర్నాడు రసీదు పట్టుకుని ఎక్స్‌చేంజ్‌కు పోయాను. పిల్లగాడు నంబరు కొట్టి చూసి, "ఖాతాలో పడిపోయాయి భాయ్, ఎప్పుడో," అన్నాడు. వాడు హిందీలో మాట్లాడుతాడు, నేను మా పాలమూరు హిందీలో అరుస్తాను. "పడితే నా పెండ్లాం ఎందుకు రాలేదంటది? నువ్వు చూసినవా, ఆమె చూసిందా?" అన్నాను. వాడు ఓపిగ్గా మా బ్యాంకువాళ్లు వెతుక్కునే పొడుగాటి నంబరు ఒకటి రాసిచ్చి, ఇది బ్యాంకులో చూపిస్తే చెబుతారన్నాడు.

ఆ నంబరు స్పీకర్‌లోనే ఒక్కో అంకె చదివి రాయించాను. రెండు రోజులాగి అడిగాను.

"బ్యాంకుకు పోయినవా?"

"పోయిన."

"ఏమన్నరు?"

"రాలేదన్నరు."

వెనకనుంచి మా చిన్నాయన, "అయ్యో పాపం, జర గట్టిగ అడుగు బిడ్డా," అంటున్నాడు. నాకు నెత్తి మీది నుంచి పొగలు లేచాయి. నా సెలవు, నా టికెట్, మూడేళ్లకు దక్కాల్సిన మొహం చూపు, అన్నీ ఏ దొంగ ఖాతాలో పడ్డాయో అనుకున్నాను. పని ఎగ్గొట్టి ఎక్స్‌చేంజ్‌కు ఉరికాను. కౌంటర్ మీద చెయ్యి వేసి నేనన్న మాటలు ఇక్కడ రాయను. లైన్లో ఉన్న ఒక పెద్దాయన తన పైసలు పంపకుండానే వెనక్కి తిరిగి పోయాడు.

పిల్లగాడు రసీదు మీది ఖాతా నంబరు, పేరు నాతో మళ్లీ సరిచూయించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఖాతాలో పడ్డ పైసలు మేం గుంజుకోలేం భాయ్. తప్పు ఖాతాలో పడ్డాయని నువ్వు రాసిస్తే, మా తరఫు బ్యాంకు అక్కడి బ్యాంకును అడుగుతుంది. ఆ ఖాతామనిషి ఒప్పుకుంటేనే తిరిగొస్తాయి. అప్పటిదాకా ఆ పైసలు తీయకుండా ఆపి పెట్టొచ్చు. ఆలోచించుకో," అన్నాడు.

"ఆపండి! దొంగముండాకొడుకు ఒక్క రూపాయి తీయొద్దు!" అని ఫారం మీద కాగితం చినిగేంత గట్టిగా సంతకం పెట్టాను. గదికొచ్చి ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను కూడా.

ఉగాదికి రెండు రోజుల ముందు, నేను షట్టరింగ్ పలకలు దించుతుంటే, పట్టపగలు ఆమె ఫోన్ వచ్చింది. ఆమె తనంతట తాను చేయడమే అరుదు. స్పీకర్ లేదు. చుట్టూ ఎవరూ లేరు. తెలకపల్లిలో బ్యాంకు బయట నిలబడి మాట్లాడుతున్నది.

"ఓ మొగడా! నేను దొంగనని రాసిచ్చినవంట?"

"నువ్వా? నువ్వెందుకు దొంగవైతవ్?"

"పైసలు తీద్దామని వస్తే బ్యాంకు సారు ఇయ్యనంటుండు. ఎందుకు సారూ అంటే, ఈ పైసలు నీవి కావమ్మా, వేరేవాళ్లవి తప్పిపోయి నీ ఖాతల పడ్డయని పంపినాయన కంప్లయింట్ ఇచ్చిండు అంటుండు. ఎవ్వడు సారూ వాడు అంటే, నీ పేరు సదివిండు!"

"మరి రాలేదన్నవ్ గదనే!"

"చిన్నాయన అరుగు మీద కూసోని ఉంటే వచ్చినయంటనా? పోయినసారి నువ్వు పంపిన పైసలు చేబదులని పట్కపోయి మల్ల మొకం సూపిచ్చిండా? విమానం ఎక్కేనాడు నువ్వే గద సెప్పిపోయినవ్, పైసలొచ్చినయా అని ఎవ్వలడిగినా రాలేదను అని!"

"ఎవ్వలడిగినా అంటే నేను గూడనా?"

"నువ్వు ఎవ్వలల్ల లేవా? అందుకే ఇంట్ల పెట్టక బ్యాంకులనే ఉంచిన. పంతులు సారు రేపు పొద్దుగాల దిగుతుండు. ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్? మేస్త్రీ కాడికి పోమంటవా?"

కోపమొచ్చినట్టే ఆమె గొంతు లేచింది, చివరి మాట దగ్గర విరిగిపోయింది. ఆమె ఏడుపు ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

నెత్తిన హెల్మెట్ ఉండగానే ఎక్స్‌చేంజ్‌కు పరుగెత్తాను. పిల్లగాడు నన్ను చూడగానే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. చేతులు జోడించి మొత్తం చెప్పాను. వాడు ముందు నవ్వాపుకున్నాడు, తర్వాత ఆపుకోలేదు. నవ్వడం అయ్యాక పనిలో పడ్డాడు. కంప్లయింట్ వాపసు తీసుకుంటున్నానని నేను రాసివ్వాలి. పైసలు తనవేనని ఆమె తన బ్యాంకులో రాసివ్వాలి, దాని ఫోటో నాకు పంపాలి. రెండూ కలిపి వాడు తమ బ్యాంకుకు అర్జెంటని పంపితే, అక్కడినుంచి మా బ్యాంకుకు మెయిల్ పోతుంది. "రేపు సాయంత్రం లోపల కావచ్చు. మాటివ్వలేను భాయ్," అన్నాడు.

ఆమె ఫోటో పంపేదాకా కౌంటర్ ముందే నిలబడ్డాను. బ్యాంకు సారు మూడు ప్రశ్నలడిగి, జవాబులు రాసి సంతకం పెట్టమన్నాడట. కింద బ్యాంకు ముద్ర ఉంది. ఐదో తరగతి చదువుకున్న చేతిరాత, చీల్చిన కట్టెల్లా నిలబడ్డ అక్షరాలు.

ఖాత నాదే.

పైసలు తిరిగియ్య. పత్తి పెట్టాలె.

పంపినాయన ఎర్కనా అంటే, ఎర్కనే. పెండ్లి చేసుకున్న. మూడేండ్ల సంది చూస్తలేను.

పిల్లగాడు ఇంగ్లీషులో టైపు చేయడానికి చేతులు కీబోర్డు మీద పెట్టుకుని, ఏం రాసిందని అడిగాడు. ఖాతా తనదే అన్నదని చెప్పాను. తిరిగివ్వను అన్నదని చెప్పాను. పంపినవాడు తెలుసా అన్న దగ్గర, "తెలుసని రాయి," అన్నాను.

"ఇంకా ఏదో ఉంది కదా, పొడుగ్గా?"

"అది బ్యాంకుకు కాదు భాయ్, నాకు."

వాడు టైపు చేసి పంపించాడు.

అక్కడినుంచి గదికి పోలేదు. నేరుగా కంపెనీ ఆఫీసుకు పోయి, అమ్ముకున్న సెలవు ఎట్లాగూ తిరిగివ్వరు, జీతం లేని సెలవైనా ఇవ్వండని అడిగాను. నా కోపం సంగతి వాళ్లకు తెలుసు కాబట్టి, నేను అంత మెత్తగా అడిగేసరికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. విత్తనం పెట్టే వేళకు ఇరవై రోజులు ఇచ్చారు. టికెట్ ఖర్చు నాదే.

మర్నాడంతా ఫోన్ రాలేదు. అక్కడ మా బ్యాంకు మూసే వేళ దాటింది. తెల్లారితే ఉగాది, బ్యాంకుకు సెలవు. పని దిగి గదికొచ్చాక ఇక ఉండబట్టలేక నేనే చేశాను. ఎప్పటిలాగే స్పీకర్. ఎప్పటిలాగే గలగల, అందులో మా చిన్నాయన దగ్గు.

"పైసలిచ్చిండ్రా?"

"యాడిచ్చిండ్రు? ఇయ్యలే."

"మరి కౌలు?"

"యాడి కౌలు? కుదర్లే."

తిట్టబోయి ఆగాను. ఆ గొంతు చూడబోతే, నవ్వు దాచుకోలేక పండ్లు బిగబట్టిన గొంతు. వెనకనుంచి చిన్నాయన, "అయ్యో పాపం," అన్నాడు.

"పోనీ తీయ్. ఏం జేస్తం," అన్నాను, నేనూ పండ్లు బిగబట్టి.

ఈసారి ఆమే అడిగింది. "నీకు సెలవేమన్న దొరుకుతదా?"

"యాడ దొరుకుతది? దొరకది."

ఆమె స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎన్ని దినాలు?" అని మెల్లగా అడిగింది.