కదపని సొమ్ము

సీసాల ఫ్యాక్టరీలో ఆమెది తనిఖీ పని. వెలుగు బల్ల ముందు కదిలే సీసాల్లో పగుళ్లు పట్టుకోవడం. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అకౌంట్స్ మేడమ్ చెప్పింది: "నీ జీతంలోంచి పీఎఫ్ ఎంత కోస్తారో, కంపెనీ కూడా నీ పేరున అంత కడుతుంది. నీ ఇష్టంతో ఇంకా ఎక్కువ కోయించుకోవచ్చు. దానికి కంపెనీ వాటా కలవదు కానీ వడ్డీ మాత్రం అంతే వస్తుంది. ఏటేటా రేటు కాస్త అటూఇటూ అవుతుంది, అసలు మాత్రం ఎక్కడికీ పోదు. ఇది పునాది అనుకో. సరదా ప్రయోగాలు వేరే డబ్బుతో చేసుకో."

ఆమె ఎక్కువే కోయించుకుంది. జీతం పెరిగినప్పుడల్లా ఆ కోతా పెంచింది. చేతికొచ్చేది తగ్గిపోయి నెలాఖరున కటకటలాడినా సరే, దాన్ని ముట్టలేదు.

అన్నయ్య దారి వేరు. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ కొత్త కంపెనీకి మార్పించుకోకుండా మొత్తం తీసేసేవాడు. వడ్డీ మీద వడ్డీ పెరిగే వేళకి మొక్కను పీకి వేరు చూసినట్టు. చివరికి షేర్లలో దిగి, ఒకరోజు అమ్మను వెంటబెట్టుకుని చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"అమ్మకు ఆపరేషనని రాసి నీ పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తియ్యవే. ఆర్నెల్లలో రెట్టింపు చేసిస్తా."

"అమ్మ బానే ఉంది కదరా!"

"రాస్తే నీ చెయ్యి అరుగుతుందా?" అంది అమ్మ. "వాడు నీకు పరాయివాడా?"

ఆమె రాయలేదు. అన్నయ్య అప్పులు తెచ్చి పెట్టాడు, నిండా మునిగాడు. ఇల్లు అమ్ముకుని అద్దెకొంపలో చేరాడు. అమ్మ వాడితోనే వెళ్లింది, కూతురితో మాటలు మానేసింది.

మూడేళ్లకు అమ్మకు నిజంగానే గుండె ఆపరేషన్ పడింది. ఆమె మర్నాడే దరఖాస్తు పెట్టింది, డబ్బు వచ్చింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నారింజ వొలుస్తుంటే అమ్మ కళ్లు తెరిచింది.

"బిల్లెవరు కట్టారే?"

"నేనే, పీఎఫ్‌లోంచి."

అమ్మ గోడవైపు తిరిగింది. "అప్పుడు లేని డబ్బు ఇప్పుడెక్కడిది? నా కొడుకు మునిగిపోతుంటే ఒడ్డునే కూర్చున్నావు."

అప్పుడు తీసి ఉంటే ఇప్పుడు ఈ మంచానికే దిక్కుండేది కాదని నోటిదాకా వచ్చింది. కుట్లు వేసిన గుండెతో ఎవరు వాదిస్తారు? నారింజ తొనలు పళ్లెంలో పెట్టింది.

అమ్మ ఇంకో రెండేళ్లు బతికింది, కొడుకింట్లోనే. మందుల ఖర్చు కూతురిది.

రిటైరైన రోజున, అడ్వాన్సు పోనూ మిగిలి పెరిగిన మొత్తం ఖాతాలో పడింది. కడదాకా కూర్చుని తినడానికి సరిపోతుంది. బ్యాంకులో నెలనెలా వడ్డీ వచ్చేలా వేసుకుంది. కొంత తీసుకుని అన్నయ్య ఇంటికి వెళితే వదిన తలుపు సగమే తీసింది.

"ఆయన లేరు" అంది. లోపల అన్నయ్య దగ్గు వినబడుతూనే ఉంది.