మణికట్టు దాకా రాని చప్పుడు

సైన్సు మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు గుండె మాస్టారు. ఏటా ఆయన గుండె పాఠం మొదలుపెడితే పక్క గదిలో లెక్కలు ఆగిపోయేవనీ, గోడ గడియారం సైతం కాసేపు నిలబడి విని, తర్వాత పరిగెత్తి టైము కలుపుకునేదనీ స్కూల్లో చెప్పుకునేవారు. గడియారం సంగతి అబద్ధమే. మరీ పెద్ద అబద్ధం మాత్రం కాదు.

ఆ ఏడు మూడో అంతస్తులో ఉన్న ఎనిమిదో తరగతికి ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వస్తోంది. మెట్ల మలుపులో ఆగి, కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించేవారు.

"ఏవండీ, ఒక్కసారి డాక్టరుకు చూపించుకుంటే మీ సొమ్మేం పోయింది?" అని భార్య రోజూ పోరేది.

"ముప్పై ఏళ్లుగా గుండె బొమ్మ గీస్తున్నవాణ్ణి, నా గుండె సంగతి నాకు తెలీదుటే? వెళితే ముందు మెట్లెక్కొద్దంటాడు. ఇక పాఠం గోడలకి చెప్పుకోవాలి."

ఆ రోజు నల్లబల్ల మీద ఎర్ర సుద్ద, నీలం సుద్ద అరిగిపోయేలా బొమ్మ గీశారు.

"రెండంతస్తుల ఇల్లర్రా ఇది. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. నడిమి గోడకి చీమ దూరే సందు కూడా లేదు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడి వాటాలో దిగుతుంది, ఊపిరితిత్తులకి పోతుంది. అక్కడ ఆక్సిజన్ తీసుకుని ఎడమ వాటాకి వస్తుంది, మళ్లీ ఒళ్లంతా ప్రయాణం. తలుపులన్నీ ఒకవైపే తెరుచుకుంటాయి. వాటినేమంటారు?"

"కవాటాలు!"

"అవి మూసుకునే చప్పుడే లబ్, డబ్. సరే, బొమ్మలో ఎడమ జఠరిక ఏ పక్కనుంది?"

"ఎడమ పక్కన!" అన్నాడు వెనక బెంచీ వాడు.

"నీ ఎడమా, గుండె గలవాడి ఎడమా? వాడు నీకెదురుగా నిలబడ్డాడు కదరా! నువ్వు డాక్టరువైతే కుడికాలు విరిగినవాడికి ఎడమకాలికి కట్టు కడతావు."

క్లాసంతా గొల్లుమంది.

"ఆ ఎడమ జఠరిక గోడ ఎందుకంత మందం?"

ముందు బెంచీలో పిచ్చుకలా ఉండే పిల్ల లేచింది. పేరు కూడా పిచ్చుకే అయిపోయింది. "ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి మాస్టారూ. ఒళ్లంతా అంటే దూరం. గట్టిగా నెట్టాలి."

"భేష్! అయితే నిండితేనే నెట్టగలదు. నిండకముందే బిగుసుకుంటే ఏం పంపుతుంది, గాలా?"

తర్వాత నాడి చూడటం. ఎప్పటిలాగే మాస్టారు తనే నమూనాగా కుర్చీలో కూర్చున్నారు. గరాటుకి రబ్బరు గొట్టం తగిలించి ఒక పిల్ల ఆయన ఛాతీ దగ్గర వినాలి. పిచ్చుక ఆయన మణికట్టు పట్టుకోవాలి.

"బొటనవేలు వద్దు, దానికీ నాడి ఉంటుంది, నీ లెక్కే నాకు రాసేస్తావు. మిగతా వేళ్లు పెట్టు. ఒక నిమిషం. రెండు లెక్కలూ ఒకటే రావాలి. రాకపోతే ఎవరో ఒకరు తప్పు."

గరాటు పిల్ల నూట నాలుగంది. పిచ్చుక ఎనభై రెండంది.

"ఎనభై రెండా? మధ్యలో నిద్రపోయావా తల్లీ? మీరిద్దరూ పనులు మార్చుకోండి."

మార్చుకున్నారు. ఛాతీ నూట ఆరు, చెయ్యి ఎనభై అయిదు.

"అది కాదు మాస్టారూ," పిచ్చుక గరాటు వదల్లేదు. "నేను వింటూనే మీ రెండో చెయ్యి కూడా పట్టుకు చూశాను. కొన్నిసార్లు లోపల కొట్టుకుంటోంది, చేతికి రావట్లేదు."

"ఆహా, దారిలో టీ తాగడానికి ఆగింది కాబోలు!"

పిల్లలు నవ్వారు. పిచ్చుక పుస్తకంలో రాసుకున్న లెక్క మీద ఆయన ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పెట్టారు. ఆ పిల్ల కళ్లనీళ్లు కుక్కుకుని కూర్చుంది.

గంట కొట్టాక గది ఖాళీ అయింది. బయట వాన ఇంకా పడుతూనే ఉంది. ఆయన గొట్టం చెవిలో పెట్టుకుని, గరాటు ఛాతీకి ఆనించి, మోచేత్తో అదిమి పట్టి, మణికట్టు మీద వేళ్లు వేశారు. లబ్ డబ్, వేలికింద తట్టింది. లబ్ డబ్, తట్టింది. వెంటనే తొందరపడి ఇంకోటి. వేలికింద ఏమీ లేదు.

ఆ పూట తను అన్న మాటే తిరిగొచ్చి ఎదుట నిలబడింది. నిండకముందే బిగుసుకుంటే ఏం పంపుతుంది?

తన బల్ల మీదే ఉండిపోయిన పిచ్చుక పుస్తకంలో ఇంటూ గుర్తు కొట్టేసి, పక్కన "నీదే ఒప్పు" అని రాశారు. దాన్ని ఆ పిల్ల బెంచీ మీద పెట్టి మెట్లు దిగారు. మలుపులో ఈసారి వాన చూస్తున్నట్టు నటించలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయారు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది కొత్తదేమీ కాదు. పై గదులు తాళం తప్పి వణుకుతున్నాయి, కింది గదులు అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నాయి, చాన్నాళ్లుగా. గుండె బలహీనపడింది. మందులు ఆపకూడదు. మెట్లెక్కకూడదు.

"మూడో అంతస్తు కూడానా?" అని అడిగారు మాస్టారు, ఏదైనా మినహాయింపు ఉంటుందేమోనని.

డాక్టరు మందుల చీటీ రాస్తూనే తల అడ్డంగా ఊపాడు. భార్య మొహం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం నర్సమ్మ ఆయన మంచం దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుంది, గడియారం చూస్తూ.

"చేతి దగ్గర కాదమ్మా," అన్నారాయన నీరసంగా. "గుండె దగ్గర వినాలి. నిమిషం పూర్తిగా. మా పిచ్చుక చెప్పింది."